ఎడమవైపు నుంచి వచ్చే మనిషి

శుక్రవారం మద్రాసుకు ఉత్తరం పోవాలి. బుధవారం పొద్దున్నించీ హెబ్సిబా సిస్టర్‌కి కాలు ఒకచోట నిలవడం లేదు. మైసూరు రాష్ట్రం పేరు కర్ణాటకగా మారి నెల దాటినా బీదరులోని ఆ ఆసుపత్రిలో పాత పేరున్న కాగితాలే వాడుతున్నారు. అలాంటి ఒక కాగితం మీద రాచమ్మ వేలిముద్ర వేస్తే, మద్రాసులో ఆమె మొగుడు గాలయ్య తలలోని బాదంగింజంత ముక్కను కాల్చేస్తారు.

గాలయ్యది పక్కనున్న కమఠాణ ఊరు. హుమ్నాబాదులో లారీలకు మూటలెత్తే హమాలీ. నాలుగు నెలల కిందట లారీ మీంచి వెల్లకిలా పడ్డాడు, తల వెనకభాగం నేలకు తగిలింది. చీమకైనా హాని చెయ్యని మనిషి, లేచాక చెయ్యెత్తడం మొదలుపెట్టాడు. వార్డులో మూడు వారాల్లో పదకొండుసార్లు. అన్నీ హెబ్సిబా చేత్తో కేసుషీటులో రాసినవే.

"కోపం, భయం ఇగో ఇక్కడున్నయి సిస్టర్. అమిగ్డలా, ఈ బాదంగింజ" అన్నాడు డాక్టర్ విద్యాసాగర్, గోడమీది రంగుల బొమ్మ చూపిస్తూ. "నుదుటి వెనక ప్రీఫ్రంటల్ కార్టెక్స్, అది పగ్గం. పడ్డప్పుడు మెదడు లోపల ఊగి ముందు ఎముకకు కొట్టుకున్నది. పగ్గం తెగింది. ఇంక ఎద్దునే పడగొట్టాలె."

మెదడంటే ఆయనకు తాలూకా కచేరీ లెక్క. గదికో బోర్డు, బోర్డుకో పని.

రాచమ్మ వరండాలో కూర్చుని ఉంది. కంటికింద నల్లగా కమిలింది. "మా అత్తను ఒక్కపాలి కొట్టలే సిస్టరమ్మా. నన్నే కొడ్తుండు. నువ్వేం జేసినవోనని మా అత్త అడుగుతాంది." అత్త కొట్టినందుకు కాదు, తోడికోడలు నవ్వినందుకు ఏడుపన్నట్టు, ఆమెకు దెబ్బకన్నా ఆ మాటే ఎక్కువ నొచ్చింది.

హెబ్సిబాకు ఆ మాట చెవిలో జోరీగైంది. బాదంగింజ అంత పిచ్చిదైతే తల్లినీ పెళ్లాన్నీ వేరు చేసి ఎట్లా కొడుతుంది? కేసుషీటు మళ్లీ తిరగేసింది. టైము రాసింది, మందు రాసింది. ఎవరు ఎటునుంచి వచ్చారో ఒక్కచోటా రాయలేదు. తనమీద తనకే ఒళ్లు మండింది.

మధ్యాహ్నం వార్డులో మాటు వేసింది. తలుపు గాలయ్య మంచానికి ఎడమవైపు. తల్లి బక్కమ్మ వరండాలోంచే "ఒరేయ్ గాలిగా, బువ్వ తెచ్చిన" అని అరుస్తూ వచ్చింది. అతను తల తిప్పి గిన్నె అందుకున్నాడు. సాయంత్రం రాచమ్మ వచ్చింది. తలమీద కొంగు, నోట్లో మాట లేదు. మొగుడి పేరు పలకకూడదు కదా! ఎడమపక్కన నిలబడి పళ్లెం చాపింది. పళ్లెం ఎగిరి గోడకు కొట్టుకుంది. గాలయ్య ముఖంలో కోపానికంటే ముందు భయం కనబడింది, పాము మీద కాలేసినవాడి భయం.

హెబ్సిబా పరుగున పోయి డాక్టర్ని లాక్కొచ్చింది. ఆయన గాలయ్యను ఎదురుగా కూర్చోబెట్టి, ఒక్కో కన్ను మూసి వేళ్లు చూపించాడు. కుడివైపు చూపితే లెక్క చెప్పాడు. ఎడమవైపు చూపితే ఏ కంటితోనూ చెప్పలేకపోయాడు.

"ఒక్కచోట కూసోడని ఈ పరీక్ష చెయ్యనే లేదు" అన్నాడు డాక్టర్ తలొంచుకుని. "కన్ను బాగనే ఉంది. కుడిదిక్కు వెనక మెదడు దెబ్బతిన్నది, అందుకే రెండు కండ్లకూ ఎడమదిక్కు కనబడ్తలేదు. పెండ్లాం గాల్లోంచి ఊడిపడ్డట్టే ఆయనకు. ఐతే జబ్బు వెనక ఉందన్నమాట!"

పాత బోర్డు పీకి కొత్తచోట తగిలించాడు మహానుభావుడు. హెబ్సిబా ఊరుకోలేదు. "బక్కమ్మ సుత ఎడమదిక్కునుంచే వస్తది గద డాక్టర్ సాబ్! ఆమెనెందుకు కొట్టడు?"

"ఆమెది ముందు గొంతు వినపడుతది" అన్నాడు డాక్టర్. "అమ్మని గుర్తుపడ్తడు. మిగిలిన పగ్గమే చాలుతది, గుండె అదరదు. కన్ను, చెవి, జ్ఞాపకం, పగ్గం, బాదంగింజ, అన్నీ కలిస్తేనే ఆ దెబ్బ. ఒక్కదాని మీద నేరం మోపలేం."

"మరి దాన్ని కాలిస్తే?"

"చెయ్యెత్తుడు తగ్గొచ్చు. లారీ మీదికొస్తున్నా భయపడుడు సుత తగ్గొచ్చు. చూపైతే రాదు."

ఇక బక్కమ్మలాగే రాచమ్మ కూడా తలుపు దగ్గర్నించే పేరు పెట్టి పిలుస్తూ రావాలి. "మొగుని పేరెట్ల పిలుస్త సిస్టరమ్మా? ఆయుష్షు తగ్గుతది."

"తల కాలిస్తే పెరుగుతదా?" అంది హెబ్సిబా కరుకుగా. అన్నాక తనకే బాధేసింది.

శుక్రవారం. వేలిముద్ర పడని ఉత్తరం బల్లమీదే ఉంది. రాచమ్మ పళ్లెంతో తలుపు దగ్గర నిలబడింది. వార్డంతా చూస్తోంది, అత్త మరీ గుచ్చి చూస్తోంది. పెదవులు రెండుసార్లు కదిలాయి, గొంతు రాలేదు.

"గా... గాలయ్యా. నేను, రాచమ్మను."

గాలయ్య తల ఎడమకు తిరిగింది. ఇంకా తిరిగింది, ఆమె అతని కంటికి ఆనేదాకా తిరిగింది. చెయ్యి లేచింది. రాచమ్మ కళ్లు మూసుకుంది. ఆ చెయ్యి ఆమె కంటికింది నలుపును మెల్లగా తడిమింది.

"ఎవడు గొట్టిండే నిన్ను?" అన్నాడు.