రెండుగా కోసిన పేరా

రోడ్డు పూర్తయింది, రిబ్బను తెగింది, ఫొటోలు పేపర్లో పడ్డాయి, ఒక వానాకాలం కూడా గడిచిపోయింది. అందరూ చేతులు దులుపుకున్నాక ఒక పని మిగిలింది. ఆ రోడ్డు పనిలో ఏది కలిసొచ్చిందో, ఏది బెడిసికొట్టిందో రాసి పైకి పంపాలి. రెండో దశ పని మొదలెట్టేవాళ్లు అది చదువుకుని బాగుపడాలని పెద్దల ఉద్దేశం. అలాంటి రిపోర్టు రాయమంటే వికారాబాద్ రోడ్ల శాఖ ఆఫీసులో అందరికీ ఒక్కసారే జ్వరాలొస్తాయి. ఎవరి పేరు రాసినా తంటాయే కదా! తిరిగి తిరిగి అది అసిస్టెంట్ ఇంజనీరు కృపారాణి నెత్తిన పడింది.

నెత్తిన పడింది అని మిగతావాళ్లు అనుకున్నారు. కృపారాణి మాత్రం దానికోసమే కాచుకుని ఉంది. ఎందుకంటే ఆమె మొగులమ్మకు మాట ఇచ్చింది.

తాండూరు దాటి యాలాల్ వైపు పోయే ఆ రోడ్డు పక్కన మొగులమ్మకు కంది చేను ఉండేది. ఉండేది అనే అనాలి. మొదటి డ్రాయింగులో ఆ చేను దగ్గర స్లాబు కల్వర్టు ఉంది. అంటే మనిషి వంగి దూరగలిగేంత వెడల్పు మోరి. కానీ దాన్ని కట్టాలంటే పునాది తవ్వాలి, కాంక్రీటు పోయాలి, అది గట్టిపడేదాకా లారీలను ఆపాలి. ఈలోగా పైనుంచి ఫోను వచ్చింది, ప్రారంభోత్సవం తేదీ ముందుకు జరిగిందని. కృపారాణి పైఅధికారి ఈఈ ధనరాజ్ స్లాబు కల్వర్టులు కొట్టేసి సిమెంటు పైపులు పెట్టించాడు. పైపులైతే తయారై వస్తాయి, దింపి మట్టి కప్పితే అయిపోయింది. రోడ్డు తేదీకి ముందే తయారైంది. ధనరాజ్‌కు శాలువా కప్పారు.

తాండూరులో నాపరాయి పాలిష్ పట్టే మిషన్ల నుంచి తెల్లటి బురద కాలువల్లోకి వస్తుందని ఆ ఊళ్లో పుట్టిన పిల్లలకు కూడా తెలుసు. ఆ బురద పైపుల్లో చేరి, ఎండి, సున్నం గచ్చులా బిగిసిపోయింది. స్లాబు మోరి అయితే పార పట్టుకుని లోపలికి దూరి తీసేయొచ్చు. రోడ్డు వెడల్పంత పొడుగున్న పైపు మధ్యలో బిగిసిన దాన్ని ఎవడు తీస్తాడు? వానలు పడ్డాయి. కొత్త రోడ్డు కట్టలా అడ్డం నిలబడింది. తెల్లనీళ్లన్నీ మొగులమ్మ నల్లరేగడిలో ఆగిపోయాయి. కంది వేళ్లు కుళ్లాయి. నీళ్లు ఇంకిపోయాక చేను మీద మిగిలిన తెల్లటి పొర ఇంకో పంటకు కూడా లొంగేలా లేదు.

కృపారాణి చూడటానికి పోయినప్పుడు మొగులమ్మ తిట్టలేదు. తిట్టి ఉంటే బాగుండేదని కృపారాణికి ఇప్పటికీ అనిపిస్తుంది.

"నాదైతే పోయింది బిడ్డా," అంది మొగులమ్మ. "మా బిడ్డ జ్యోతిరాణి చేను గీ రోడ్డు మీదనే ఉన్నది, జర ముందట. మీ రోడ్డు వచ్చే ఏడు గాడికి వస్తదంట గద. గాడ గిట్ల చెయ్యకుండ్రి."

"చెయ్యనియ్య పెద్దమ్మా. నేనే రాస్త," అంది కృపారాణి.

మోమిన్‌పేట్‌లో కృపారాణి తల్లి ఇతరుల చేలల్లో కలుపు తీసి ఆమెను చదివించింది. చేను పోవడమంటే ఏమిటో ఆమెకు ఒకరు చెప్పనక్కర్లేదు.

అందుకే రిపోర్టులో కల్వర్టుల పేరాను ఆమె కోపంగానే రాసింది. స్లాబు బదులు పైపులు పెట్టడం వల్ల పని త్వరగా అయిందనీ, ఆ పైపులే పాలిష్ బురదతో పూడిపోయి చేలు మునిగాయనీ, రోడ్డు అంచులు కుంగాయనీ, అందుచేత రెండో దశలో పైపులు పెట్టొద్దనీ, అంతా ఒక్క ఊపులో రాసుకుపోయింది. ధనరాజ్ చింపేస్తాడనే అనుకుని, పోట్లాటకు సిద్ధపడే అతని గదిలోకి వెళ్లింది.

ధనరాజ్ నిదానంగా చదివాడు. చాయ్ తెప్పించాడు.

"మంచిగ రాసినవమ్మా. ఒక్క ముక్క కూడ తియ్యకు."

కృపారాణి నమ్మలేకపోయింది.

"కాకపోతే," అన్నాడు, "రిపోర్టుకు రెండు భాగాలుంటయి గద. కలిసొచ్చినయి ఒకదాంట్ల, చెడిపోయినయి ఇంకోదాంట్ల. నువ్వు రెండు కలిపి కిచిడి చేసినవ్. పైన చదివెటోళ్లు పరేషాన్ అయితరు. పని త్వరగ అయిందన్నది మొదటి భాగంల పెట్టు. చేన్లు మునిగినయన్నది, పైపులు వద్దన్నది రెండో భాగంల పెట్టు. గంతే."

ఆమె వెతికింది, ఇందులో మోసం ఎక్కడుందా అని. కనిపించలేదు. ప్రతి మాటా ఉంది. పేరాను రెండుగా కోసి, ఎక్కడిదక్కడ పెట్టి, సంతకం చేసింది. ఆ సాయంత్రం తాండూరు బస్సెక్కి మరీ పోయి మొగులమ్మకు చెప్పింది, రాసిన, సారు కూడ ఒప్పుకున్నడు అని. పిచ్చిది కృపారాణి, ఎంత సంబరపడిందో!

ఎండాకాలంలో రెండో దశ మొదలైంది. జ్యోతిరాణి చేను పక్కన లారీ ఆగింది. అందులోంచి సిమెంటు పైపులు దిగాయి.

కృపారాణి వెంటనే హైదరాబాదులో డిజైన్లు గీసే నవీన్‌కుమార్‌కు ఫోన్ చేసింది.

"పైపులేంది నవీన్? నా రిపోర్టు చూడలేదా?"

"చూసే పెట్టిన మేడం. పైపులతోని పని త్వరగ అయిందని మీరే రాసిండ్రు గద. డ్రాయింగు మీద మీ రిపోర్టు నంబరు కూడ వేసినం."

"రెండో భాగం?"

"అది మాకు రాదు మేడం. మాకు మొదటి భాగమే పంపుతరు, మళ్లీ చెయ్యాల్సినయి ఉంటయని. చెడిపోయినయి మెయింటెనెన్స్‌కు పోతయి, రిపేర్లకు."

మెయింటెనెన్స్ వాళ్లు రెండో భాగం శ్రద్ధగానే చదివారు. మొదటి దశ పైపులను ఏడాదికోసారి కడిగించాలని ఫైలు పెట్టారు. ఇక రెండో దశ డ్రాయింగులతో వాళ్లకేం పని?

ఆమె ధనరాజ్ గదిలోకి దూసుకుపోయింది.

"మీకు తెలుసు సార్. భాగాలు ఎటు పోతయో మీకు తెలుసు."

"నేను ఒక్క మాటన్న తీసిన్నా?" అన్నాడు ధనరాజ్. గొంతులో కోపం లేదు, సిగ్గు అంతకన్నా లేదు. "కాంట్రాక్టు ఇచ్చుడు అయిపోయింది. ఇప్పుడు డిజైను మార్చాల్నంటే కారణం చూపియ్యాలె. మొదటి దశ రిపోర్టుల పైపులు కలిసొచ్చినయని ఉన్నది. గా రిపోర్టు నువ్వే రాస్తివి. దాన్ని కాదని నువ్వే ఉత్తరం రాస్తవా? రాయి, నేను వద్దన్ననా. మనం పంపుతం."

ఆమె రాసింది. అతను పంపాడు. జవాబు రాకముందే తవ్వకం మొదలైంది.

ఆమె సైటుకు పోయేసరికి జ్యోతిరాణి గట్టు మీద నిలబడి ఉంది. పక్కనే మొగులమ్మ, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని పైపులను చూస్తోంది.

"రాస్తనంటివి గద బిడ్డా."

"రాసిన పెద్దమ్మా. అంతా రాసిన."

"మరి సదువలేదా?"

"సదివిండ్రు. మంచిది ఒక తావు రాయమన్నరు, చెడ్డది ఒక తావు రాయమన్నరు. ఒకటి సదివినోళ్లు ఇంకోటి సదువలే."

మొగులమ్మ కృపారాణి మొహంలోకి చూసింది.

"నీళ్లు ఒక్క తావే నిలిచినయ్ గద బిడ్డా," అంది.

క్రేను పైపును గోతిలోకి దింపింది. రెండో పైపు దాని పక్కన చేరింది. మధ్యాహ్నానికల్లా మట్టి కప్పేశారు. రిపోర్టులో ఆమె రాసినట్టే, పని త్వరగా అయిపోయింది.