నిలకడ మీద తేలిన రంగు

ఐస్‌క్రీం కొట్టు వెనక వంటగదిలో వదిన రెండు కప్పుల్లో గోరువెచ్చని పాలు పోసింది. మరిది చవగ్గా తెచ్చిన కుంకుమపువ్వు ఒకదాంట్లో, తన డబ్బాలోది ఇంకోదాంట్లో వేసింది.

మరిది కప్పు వేసీవెయ్యగానే ఎర్రబడింది.

“చూశావా వదినా! నీది ఇంకా నిద్రపోతోంది. ఇంకో చిటికెడు వెయ్యి!”

“నలుగురు తినేదానికి పది రేకలు చాలు, మించితే చేదు. నోరు మూసుకుని కూర్చో. నిజం నిలకడ మీద తెలుస్తుంది.”

కిటికీలోంచి పడ్డ ఎండ గట్టు మీద మెల్లగా జరిగింది. వదిన పాలలోకి బంగారు రంగు దిగింది, రేకలు మాత్రం ఎర్రగానే ఉన్నాయి. తేనె, ఎండుగడ్డి కలిసినట్టున్న ఆ వాసనకు ఇద్దరి కళ్ళూ మూతలు పడ్డాయి. తెరిచేసరికి మరిది రేకలు తెల్లగా పాలిపోయి ఉన్నాయి.

అతను ఒకటి నమిలాడు. “తియ్యగానే ఉందే!”

“నీ మాటల్లాగే. అసలుది కాస్త చేదుగా ఉంటుంది మరిదిగారూ, నాలాగ.”