గుడి పటానికి రెండో వైపు

ఇంట్లో అందరూ ఆమెను పేచీ అనేవారు. ఏదీ ఓ పట్టాన ఒప్పుకోదు. అలాంటి పిల్ల ఈసారి నోరు మూసుకుని ఒప్పుకోవలసిన చోట ఇరుక్కుంది. కళాచరిత్ర ఆఖరి ఏడు పరిశోధన వ్యాసం సోమవారానికల్లా ఇవ్వాలి. దాన్ని దిద్దేది ప్రొఫెసర్ గారు. పై చదువుకు సీటు ఇప్పించే ఉత్తరం రాసేదీ ఆయనే. ఆయన ఇచ్చిన అంశమేమో ఆయన సొంత సిద్ధాంతం.

ఆ సిద్ధాంతం ఓ పాత గుడి గురించి. ఆ గుడి ఇప్పుడు జలాశయం అడుగున ఉంది, వెళ్లి చూసే వీల్లేదు. నీళ్లు నిండకముందు ఓ సర్వేయరు గీసిన పటం ఒక్కటే మిగిలింది. దాన్ని ప్రొఫెసర్ గారు ఫ్రేము కట్టించి తన గదిలో పెట్టుకున్నారు, తన పుస్తకంలోనూ అచ్చు వేయించారు. గుడి అంటే రాళ్లతో గీసిన విశ్వం, ఈ ఒక్క గుడిలో మాత్రం ఆ విశ్వం కావాలనే తలకిందులు చేశారు, ఇదీ ఆయన మాట. ఈ మాటతోనే ఆయనకు నాలుగు దేశాల్లో పేరొచ్చింది. విద్యార్థులు ఆయన్ని చాటుగా దిక్పాలకుడు అనేవారు. దిక్కులన్నీ ఆయన చేతిలోనే ఉన్నాయి మరి.

శనివారం సాయంత్రం పేచీ వంటింటి బల్ల మీద పుస్తకంలోని పటానికి జెరాక్సు పరుచుకుని, దాని మీద పెన్సిలుతో గళ్లు గీసుకుని తల గోక్కుంటోంది. ఎదురుగా బాబాయి భోంచేస్తున్నాడు. ఆయన ప్లంబరు, పేచీ కాలేజీలో గొట్టాల పనులూ ఆయనవే. గొట్టాల తర్వాత ఆయనకు ఇష్టమైనది ఈ పిల్లతో వాదన.

"ఏంటే ఆ గళ్లు? వైకుంఠపాళీయా?"

"వాస్తు మండలం, బాబాయ్. గుడి కట్టే ముందు నేల మీద చతురస్రం గీసి అటు తొమ్మిది, ఇటు తొమ్మిది గళ్లు వేస్తారు. మొత్తం ఎనభై ఒకటి. నడిమి తొమ్మిదీ బ్రహ్మవి, గర్భగుడి అక్కడ వస్తుంది. అంచుల్లో దిక్కుల దేవతలు. తూర్పు ఇంద్రుడు, దక్షిణం యముడు, పడమర వరుణుడు, ఉత్తరం కుబేరుడు. మూలలకి వేరే వాళ్లున్నారు. ఆగ్నేయం అగ్నిది కాబట్టి వంటశాల అక్కడ. ఈశాన్యంలో బావి."

"మరి ఈ గుడిలో?"

"అదే నా ఖర్మ. పటంలో పైవైపు ఉత్తరం అనుకుంటే గుమ్మాలన్నీ పడమరకి ఉన్నాయి. అందులో వింతేం లేదు, పడమటి గుళ్లు బోలెడున్నాయి. కానీ గుడి ఎటు చూసినా నిప్పు ఆగ్నేయంలోనే ఉండాలి కదా? ఇక్కడ పొయ్యిలు నైరుతిలో ఉన్నాయి. బావి వాయవ్యంలో ఉంది. విశ్వం తలకిందులైందని ప్రొఫెసర్ గారి సిద్ధాంతం."

"కాగితం తలకిందులుగా పట్టుకున్నాడేమో?"

"అదీ చూశా. ఇలా తిప్పితే గుమ్మం తూర్పుకే వస్తుంది. కానీ పొయ్యిలు ఈశాన్యానికి, బావి ఆగ్నేయానికి పోతాయి. నిప్పు నీళ్ల మూలకి, నీళ్లు నిప్పు మూలకి! పైగా ఇదిగో, గర్భగుడి గోడలోంచి ముక్కులా బయటికొచ్చింది చూడు, అభిషేకం నీళ్లు పోయే తూము. తూర్పు గుడికైనా పడమర గుడికైనా అది ఉత్తరానికే ఉండాలి. కాగితం తిప్పితే దక్షిణానికి పడుతుంది."

నీళ్లు, తూము అనేసరికి బాబాయి కళ్లు మెరిశాయి. చెయ్యి కడుక్కుని వచ్చి, కాగితం తీసుకుని, వెనక్కి తిరగేసి, కిటికీ అద్దానికి ఆనించాడు. సాయంకాలపు వెలుగులో గీతలు ఇవతలికి కనిపించాయి.

"ఇప్పుడు చదువు."

పేచీ చదివింది. గుమ్మాలు తూర్పుకి. పొయ్యిలు ఆగ్నేయానికి. బావి ఈశాన్యానికి. తూము ఉన్నచోటే, ఉత్తరానికి. ఒక్కటంటే ఒక్కటి తప్పు పోలేదు.

"నీకెలా తెలిసింది?"

బాబాయి కాగితం తిరిగి ఆమె చేతికిచ్చాడు. "జంట ఫ్లాట్లు కట్టేటప్పుడు ఒకే పటం గీసి, పక్క ఫ్లాటుకి ట్రేసింగు కాగితం తిరగేస్తారు. నేనోసారి తిరగేసిన సంగతి మరిచిపోయి గొట్టాలేశా. వంటింటి కుళాయి పడగ్గదిలో తేలింది. ఆ ఇంటావిడ ఇప్పటికీ నన్ను చూస్తే మొహం తిప్పుకుంటుంది. ఇంతకీ అసలు పటం ఎక్కడుంది?"

"ఆయన గదిలో, చేతులు కడుక్కునే సింకు పైన. ట్రేసింగు గుడ్డ మీదే గీశారట, గీతలు రెండు వైపులా కనిపించే పల్చటిది."

"ఆ సింకు కారుతోందని ఫిర్యాదు ఉంది," అన్నాడు బాబాయి మహా అమాయకంగా. "సోమవారం పొద్దున వెళ్దామనుకున్నా. నువ్వూ అదే టైముకి వ్యాసం ఇవ్వడానికి రాకూడదూ?"

ఆదివారమంతా పేచీ రెండు వ్యాసాలు రాసింది. ఒకదాంట్లో ప్రొఫెసర్ గారి మాటే ఆమె మాట. రెండోదాంట్లో నిజం. మొదటిది ఇస్తే సీటు ఖాయం. రెండోది ఇస్తే ఆయన రాసే ఉత్తరం మీద ఆశ వదులుకోవాల్సిందే. సంచిలో రెండూ పెట్టుకుని బయల్దేరింది.

ఆమె గదిలోకి వెళ్లేసరికి బాబాయి సింకు కింద సగం దూరి ఉన్నాడు. ప్రొఫెసర్ గారు చిరాగ్గా గడియారం చూసుకుంటున్నారు.

"సార్, గోడలో చెమ్మ ఉన్నట్టుంది. ఆ పటం కాస్త దింపాలి," అంది సింకు కిందనుంచి గొంతు.

ప్రొఫెసర్ గారు కంగారుగా తానే దింపారు. బాబాయి లేచి, తడి గుడ్డతో చేతులు తుడుచుకుని, ఫ్రేము వెనక తడిమాడు. "అయ్యో, లోపలికి కూడా చెమ్మెక్కిందేమో. ఓసారి విప్పి చూస్తారా?" గోడ చుక్క తడి లేకుండా పొడిగా ఉంది. పేచీ నవ్వు ఆపుకోలేక దగ్గింది.

మేకులు ఊడాయి. వెనక అట్ట లేచింది. ట్రేసింగు గుడ్డ అంచు రెండంగుళాల మేర లోపలికి మడిచి ఉంది. ప్రొఫెసర్ గారు మడత విప్పి పటాన్ని బల్ల మీద వాల్చారు. ఆ అంచు మీద సర్వేయరు రాసిన కొలతలు, ఉత్తరం బాణం. బాణం బాగానే పైకి ఉంది. అక్షరాలే ఒక్కటీ చదవడానికి రాలేదు, అన్నీ అద్దంలో చూసినట్టు కుడి ఎడమై ఉన్నాయి.

ఆయన నెమ్మదిగా గుడ్డను తిరగేశారు. అక్షరాలు చక్కబడ్డాయి. ఆయన వేలు తూర్పు గుమ్మం దగ్గర మొదలై, పొయ్యిల మీదుగా, గర్భగుడి చుట్టూ తిరిగి, తూము దాటి బావి దగ్గర ఆగింది.

"వ్యాసం తెచ్చావా?" అన్నారు చివరికి.

పేచీ చెయ్యి సంచిలోకి వెళ్లింది. రెండు కట్టలూ వేళ్లకు తగిలాయి. నిజం రాసినదే తీసి ఇచ్చింది.

ఆయన నిలబడే చదవడం మొదలుపెట్టారు. మూడో పేజీలో ఎర్ర పెన్ను తీశారు. పేచీకి ప్రాణం పోయినంత పనైంది.

"ఇక్కడ తప్పు రాశావు. బయటి గోపురం పెద్దది కాబట్టి పాతదన్నావు. ఇలాంటి గుళ్లలో లోపలి చిన్న గోపురమే ముందు కడతారు. తర్వాతి రాజులు ఒక్కో ప్రాకారం చేర్చుకుంటూ, బయటికి పోయేకొద్దీ పెద్ద గోపురం లేపుతారు. అందుకే లోపలికి నడిచేవాడికి ద్వారం తగ్గుతూ వస్తుంది, గర్భగుడి దగ్గర ఒక్క మనిషి పట్టేంతే మిగులుతుంది. దిద్దుకో."

"మిగతాది, సార్?"

ఆయన బీరువా తెరిచి ఓ కట్ట తీసి బల్ల మీద పడేశారు. పాత విద్యార్థుల వ్యాసాలు, ఇదే గుడి మీద.

"పొయ్యిల సంగతి నాకు పదేళ్లుగా మనసులో పీకుతూనే ఉంది. ఫ్రేము విప్పే ధైర్యం లేక ఏటా ఒకరికి ఈ గుడే ఇచ్చాను. అందరూ నేను చెప్పిందే రాశారు, అందరికీ మంచి మార్కులే వేశాను. ఒక్కడైనా పోట్లాడతాడేమోనని చూశానమ్మా."

ఆ గొంతులో కోపం లేదు. పేచీకి ఒక్కసారిగా ఆయన మీద జాలేసింది. దానితోపాటు సిగ్గూ వేసింది, ఎందుకంటే ఆ కట్టలో చేరవలసిన వ్యాసం ఇంకా ఆమె సంచిలోనే ఉంది. దాన్ని కూడా తీసి బల్ల మీద పెట్టింది.

"ఇది కూడా నేనే రాశాను, సార్. మీరు కోప్పడితే ఇద్దామని."

ప్రొఫెసర్ గారు రెండింటినీ పక్కపక్కన పెట్టుకుని చూశారు. చాలా ఏళ్ల తర్వాత మనసారా నవ్వారు.