1914లోనే ఎందుకు?

"ఇంకో ముప్పై నిమిషాలు," అన్నారు సర్వేశ్వరరావు. వేరే కాలేజీ నుంచి ఇన్విజిలేటర్‌గా వచ్చిన కామర్స్ మాస్టారు ఆయన. హాలు తలుపు దగ్గరే కుర్చీ వేయించుకున్నారు.

వెన్నెల జవాబు పుస్తకం తిరగేసింది. మూడు పేజీలు మిగిలాయి. అదనపు కాగితాలు ఇవ్వరు.

బీఏ చరిత్రలో ఇదొక్క పేపరే ఆమెకు బాకీ. డెబ్భై అయిదుకి ముప్పై రావాలి. ఇప్పటిదాకా రాసినదానికి పాతిక దాటవని ఆమెకు తెలుసు. కోర్సు గడువు ఈ ఏడాదితో సరి. పేపరు పోతే డిగ్రీ పోయినట్టే, బీఈడీ ఆశ కూడా వదులుకోవాల్సిందే. అరకు దగ్గర, డుంబ్రిగుడ అవతల ఆమె ఊళ్ళో డిగ్రీ దాకా వచ్చిన ఆడపిల్ల ఆమె ఒక్కతే. పోతే ఏమవుతుందో ఇంట్లో ఎవరూ పైకి అనలేదు. పెళ్ళిచూపుల మాట మాత్రం రెండుసార్లు వచ్చింది.

చివరి వ్యాసానికి పది మార్కులు. బాగా తెలుసు గనక ఆఖరికి ఉంచుకుంది.

'మొదటి ప్రపంచ యుద్ధపు మూల కారణాలకూ తక్షణ కారణానికీ తేడా చూపుతూ, యుద్ధం 1914లోనే ఎందుకు వచ్చిందో విశ్లేషించండి.'

కిందటిసారీ ఈ పాఠమే ఇచ్చారు. గైడులో ఉన్న ఎనిమిది పాయింట్లూ పొల్లుపోకుండా రాసింది. సైనికవాదం, రహస్య కూటములు, సామ్రాజ్యవాదం, జాతీయవాదం... అలా వెళ్ళి ఎనిమిదోది సరయేవోలో ఆస్ట్రియా యువరాజు హత్య. పదికి మూడు వేశారు. దిద్దిన పేపరు నకలు తెప్పించి చూసిన చరిత్ర లెక్చరర్ విజయలక్ష్మి మేడమ్ తల పట్టుకున్నారు.

"అన్నీ ఒకే వరసలో నిలబెట్టేశావేంటి తల్లీ? యుద్ధం ఎందుకొచ్చిందన్నది ఒక ప్రశ్న. అప్పుడే ఎందుకొచ్చిందన్నది ఇంకొకటి. మొదటిదానికి జవాబు ఏళ్ళలో ఉంటుంది. రెండోదానికి రోజుల్లో ఉంటుంది."

"మరి ఎలా రాయాలి మేడమ్?"

"ముందు నీ వాదన, రెండు మూడు వాక్యాల్లో. తర్వాత మూల కారణాలు. ఒక్కోటీ యుద్ధాన్ని ఎలా దగ్గర చేసిందో చెప్పు, ఊరికే పేరు పెట్టి వదిలెయ్యకు. తర్వాత తక్షణ కారణం. ఆఖర్న ఆ రెండూ ఎక్కడ కలిశాయో చూపించు. మొదట్లో అన్న మాటకే చివరిదాకా కట్టుబడి ఉండు. మధ్యలో అడ్డం తిరిగావో, మళ్ళీ మూడు మార్కులే."

వాదన ఇంటి దగ్గరే తయారు చేసుకుంది. పెన్ను పట్టుకుని చకచకా దింపేసింది. 'నరికి ఎండబెట్టిన పోడులా యూరప్ సిద్ధంగా ఉంది. సరయేవో హత్య అగ్గిపుల్ల మాత్రమే. అది కాకపోతే ఏ అగ్గిపుల్లయినా అదే పని చేసేది.'

తర్వాత కారణాలు. కూటముల వల్ల ఇద్దరి తగాదా అయిదుగురిది అవుతుంది. ఆయుధ పోటీ వల్ల ముందు దెబ్బ కొట్టకపోతే ఓడిపోతామన్న భయం పుడుతుంది. పెన్ను ఆగలేదు. జాతీయవాదం దగ్గర ఉదాహరణ కావాలి. '1908లో ఆస్ట్రియా బోస్నియాను కలిపేసుకుంది. సెర్బియా మండిపడింది. 1912, 13లలో బాల్కన్ యుద్ధాలు జరిగాయి.'

చెయ్యి ఆగింది.

1908 కూడా అగ్గిపుల్లే. 1912 కూడా. మరి అప్పుడు యూరప్ అంటుకోలేదేం?

పేజీ వెనక్కి తిప్పింది. 'ఏ అగ్గిపుల్లయినా అదే పని చేసేది.' అక్కడ తను రాసినదాన్ని ఇక్కడ తను రాసినదే అబద్ధం చేస్తోంది. వాదన అడ్డం తిరిగింది.

"పదిహేను నిమిషాలు," అన్నారు సర్వేశ్వరరావు.

చేతిలో ఇంకా పేజీన్నరే ఖాళీ ఉంది. రాసిందంతా కొట్టేసి మళ్ళీ మొదలెట్టడానికి కాగితం చాలదు. ఉన్నది ఉన్నట్టు వదిలేస్తే దిద్దేవాళ్ళకి ఒకదాన్నొకటి కొట్టేసుకునే ఆ రెండు వాక్యాలే కనిపిస్తాయి. ఇంకుతో రాసింది చెరిపే దారి లేదు.

వెనక బల్ల కింద నుంచి కాలు తగిలింది. రాజేష్. అరకు మెయిన్ రోడ్డులో కిరాణా కొట్టు వాళ్ళబ్బాయి.

"ఒలే వెన్నెలా, ఏడు రాసీసినాను. ఎనిమిదోది ఏటే?"

ఆమె తన కాళ్ళు ముందుకు లాక్కుంది.

"సెప్పవే బేగి! నీ సొమ్మేటి పోద్ది?"

"ఏం బాబూ, నీ పేపరు ఆ అమ్మాయి వీపు మీదుందా?" సర్వేశ్వరరావు లేచి వచ్చారు. "అమ్మా, నువ్వేంటి బొమ్మలా కూర్చున్నావు? అయిపోతే ఇచ్చేసి వెళ్ళు."

"అవలేదు సార్."

ఆయన అక్కడే నిలబడ్డారు. ఆ నీడ కాగితం మీద పడుతోంది. వెన్నెల కళ్ళు మూసుకుంది.

పోడు. కిందటి మార్చిలో చిన్నాన్న బుధు సాగుకని కొండవాలు మీద నరికిన చెట్టూచేమా తగలబెట్టినప్పుడు తనూ వెళ్ళింది. మంట దాటకుండా చుట్టూ నేల మీద గీత చెక్కి, పచ్చి కొమ్మలు పట్టుకుని ఎనిమిది మంది నిలబడ్డారు. మంట రెండుసార్లు గీత దాటింది. అవతలి చెత్త కూడా ఎండే ఉంది. అయినా అడవి అంటుకోలేదు. దాటిన మంటని దాటినట్టే కొట్టి ఆర్పేశారు.

కళ్ళు తెరిచింది. 1908లో ఆర్పిందెవరు?

రష్యా. జపాన్ చేతిలో ఓడి సైన్యం చితికిపోయి ఉంది. జర్మనీ గట్టిగా నిలదీస్తే 1909లో వెనక్కి తగ్గింది. 1912లో? పెద్ద దేశాల రాయబారులు లండన్‌లో కూర్చుని సర్దుబాటు చేశారు. 1914లో మాత్రం ఎవరూ తగ్గలేదు.

నీడ కదిలి పక్క వరసలోకి పోయింది.

వెన్నెల వ్యాసం మొదటి పేజీకి వెళ్ళి మూడో వాక్యం మీద ఒక్క గీత గీసింది. పైనున్న ఖాళీలో చిన్న అక్షరాలతో రాసింది. 'అంతకు ముందు పడిన అగ్గిపుల్లలు ఆరిపోయాయి. ఈసారి ఆర్పగలిగినవాళ్ళెవరూ తగ్గలేదు. అందుకే 1914.'

ఇప్పుడు 1908 ఆమెకు అడ్డం కాదు, సాక్ష్యం. ఆ పేరా కింద కలిపింది: 'మూల కారణాలు అప్పుడూ ఉన్నాయి, అయినా యుద్ధం రాలేదు. కాబట్టి అవి యుద్ధాన్ని సాధ్యం చేస్తాయి గానీ తేదీని నిర్ణయించవు.'

"అయిదు నిమిషాలు. నంబర్లు సరిచూసుకోండి."

తక్షణ కారణం. జూన్ 28, హత్య. జులై 5, ఏం చేసినా వెనకుంటామని ఆస్ట్రియాకు జర్మనీ మాట. 23న సెర్బియాకు గడువు పెట్టి హెచ్చరిక. 28న యుద్ధ ప్రకటన. 30న రష్యా మొత్తం సైన్యాన్ని కదిలించింది. రష్యా సిద్ధమయ్యేలోపే ఫ్రాన్స్‌ను ఓడించాలన్నది జర్మనీ పథకం. ఇక ఆగే వీలు దానికీ లేదు.

పేజీలో నాలుగు లైన్లున్నాయి. ఆగస్టు తేదీలన్నీ నాలుక చివర ఉన్నాయి. అవి రాస్తే ముగింపు పట్టదు. తేదీలు వదిలేసింది.

'కూటములూ ఆయుధాలూ లేకపోతే ఈ హత్య రెండు దేశాల తగాదాగా ముగిసేది. ఈ హత్య, దాని తర్వాత ఎవరూ తగ్గకపోవడం లేకపోతే ఆ కూటములు యుద్ధం లేకుండానే 1914ను కూడా దాటిపోయేవేమో. సాధ్యం చేసినవి ఏళ్ళు. జరిపించినవి ఆ నెల రోజుల నిర్ణయాలు.'

గంట మోగింది. సర్వేశ్వరరావు పుస్తకం లాక్కుని దొంతరలో పడేశారు.

వరండాలో విజయలక్ష్మి మేడమ్ ఆత్రంగా ఎదురొచ్చారు. వెన్నెల జరిగింది చెప్పింది.

"వాదన కొట్టేశావా? పరీక్షలో?" అన్నారు మేడమ్. "కట్టుబడమని కదా చెప్పాను?"

"అది తప్పు మేడమ్. నేను రాసిందే ఒప్పుకోలేదు."

మేడమ్ 1908, 1912 అని తనలో తను అనుకున్నారు. "చూద్దాం," అన్నారు. దిద్దేది ఆవిడ కాదు.

"నాను ఆగస్టు తేదీలన్నీ రాసీసినాను మేడమ్!" అన్నాడు రాజేష్.

నలభై రెండు రోజులు. ఇంట్లో ఎవరు ఫోన్ తీసినా వెన్నెల చేతిలో పని వదిలి అటే చూసేది. ఆ మూడు పేజీలూ ఎవరి బల్ల మీదో, ఎవరి పెన్ను కిందో ఉన్నాయి. తను చేయగలిగింది ఏమీ లేదు. అబ్బాయి వాళ్ళు పెళ్ళిచూపులకి వచ్చే రోజు కూడా అనుకున్నారు.

ఫలితాల రోజు ఊళ్ళో సిగ్నల్ అందలేదు. నాన్న గాసితో కలిసి కొండ దిగి డుంబ్రిగుడ రోడ్డు దాకా వచ్చింది. హాల్‌టికెట్ నంబరు మూడుసార్లు తప్పు కొట్టింది.

"ఏటమ్మా?" అన్నాడు గాసి.

చరిత్ర, ముప్పై మూడు.

ఆమె ఫోన్ ఆయన ముందు పెట్టింది. ఆయనకి చదువు రాదు. అయినా చాలాసేపు చూశాడు.

"అంటే?"

"పాసయ్యాను నాన్నా."

గాసి తువ్వాలుతో ముఖం తుడుచుకున్నాడు. కొండ పైకి ఒకసారి చూశాడు, ఇంటి వైపు. "అయితే ఆళ్ళని రావద్దని సెప్పాల," అన్నాడు. "పద, బేగి ఎల్దాం."