పసుపు చొక్కా, ఆమ్నా ముఖం

జానకిరామయ్యగారు సినిమాకి డబ్బు పెట్టారు కాబట్టి సినిమాలో కనబడాలనుకున్నారు. అందులో తప్పేమీ లేదు. తప్పంతా ఆ పసుపు చొక్కాది. సింగపూర్ చాంగీ బిజినెస్ పార్క్ ఫుడ్ కోర్టులో చివరి షాట్ తీస్తుంటే ఆయన పండగ పూట తొడిగే పసుపు పట్టు చొక్కా వేసుకొచ్చి, వెనకాల టీ కొట్టు ముందు కూర్చుని, గ్లాసులో చెంచా తిప్పుతూ కెమెరాకి చిక్కారు. దర్శకురాలు శాంతిని ఆయన తమ్ముడి కూతురు. డబ్బు పెట్టిన పెదనాన్నని పక్కకి జరగమనడానికి ఆమెకి నోరు రాలేదు. షాట్ బాగా వచ్చింది, ఆయనా బాగా వచ్చారు. ఆ తలనొప్పి అలాగే మూటగట్టి హాజరా ముందు పెట్టారు.

హాజరా హైదరాబాద్ పిల్ల. మొగుడు మొహ్సిన్‌తో సింగపూర్‌లోనే యూ టీ అనే పేటలో కాపురం. అది హైదరాబాద్ నుంచి దిగిన ప్రతి విమానంలో సగంమంది ప్రోగ్రామర్లే ఉన్న కాలం. కొత్తగా పరిచయమైన వాళ్ళెవరైనా హాజరాని అడిగే మొదటి ప్రశ్న, "మీరు ఏ బ్యాంకు?" అని. "నేను సినిమాలకి రంగులు సరిచేస్తా" అంటే, పెయింటింగా, బ్యూటీ పార్లరా అని రెండో ప్రశ్న. తీసి, కత్తిరించి, వరసగా పేర్చిన సినిమాలో షాటు షాటుకీ రంగు, వెలుగు దిద్దడం కూడా ఒక ఉద్యోగమేనని చెప్పీ చెప్పీ ఆమెకి విసుగొచ్చి, ఈమధ్య "కంప్యూటర్ పనే" అని తేల్చేస్తోంది.

నిజం చెప్పాలంటే ఇంతకాలం ఆమె ఆ పనికి సహాయకురాలే. టేపులెక్కించడం, ఫైళ్ళు సర్దడం, స్టూడియో పెద్దాయన విఘ్నేశ్వరన్ రంగులు దిద్దే బల్ల మీది మూడు బంతుల్నీ వేళ్ళతో తిప్పుతుంటే వెనక నిలబడి చూడటం. నీడలకో బంతి, నడిమి వెలుగుకో బంతి, మిరుమిట్లకో బంతి. ఆ బంతుల మీద చెయ్యి వెయ్యాలని ఆమెకి ఎంత ఆశో చెప్పలేను. ఆ రోజు పొద్దున విఘ్నేశ్వరన్ ఆమెని కుర్చీలో కూర్చోబెట్టి, "ఈ చిన్న సినిమా నీదే. ఇవాళ డైరెక్టరూ, ప్రొడ్యూసరూ ఇద్దరూ రంగులు బాగున్నాయని సంతకం పెడితే సోమవారం నుంచి రంగులు దిద్దే రెండో గది నీది. పెట్టకపోతే కౌలాలంపూర్ నుంచి ఓ కుర్రాడు వస్తానంటున్నాడు, వాణ్ణి పిలుస్తా" అన్నాడు. ఇద్దరూ అన్న మాట దగ్గర గొంతు కాస్త పెంచాడు.

మిగిలిన షాట్లన్నీ సాఫీగా సాగాయి. ఆఖరిదే మిగిలింది.

ఆ షాట్లో ఆమ్నా ఉంటుంది. నిజజీవితంలో కూడా ప్రోగ్రామరే, నటించడం ఇదే మొదటిసారి. కథలో ఆ రోజు ఆమె పుట్టినరోజు. స్నేహితులు బల్ల చుట్టూ కూర్చుని తింటూ నవ్వుతుంటారు. ఫోనొస్తుంది. ఉద్యోగం పోయింది. ఫోన్ బోర్లా పెట్టి, వాళ్ళతో పాటు నవ్వి, ట్రే పట్టుకుని లేచి, కుడివైపు నడిచి, ఓ స్తంభం వెనకగా దాటి వెళ్ళిపోతుంది. మాటల్లేవు. సినిమా అంతా ఆ ఒక్క ముఖం కోసమే. కానీ ఫుడ్ కోర్టు ట్యూబులైట్లు ఎవరి మీదా దయ చూపవు, ఎవరినీ చిన్నచూపు చూడవు. అందరి మీదా ఒకటే వెలుగు. ఆమ్నా వేసుకున్నది వెలిసిన నీలం చొక్కా. ఆమె భుజం వెనకాల పట్టు పసుపు ధగధగలాడుతోంది. కన్ను ముందు వెలుగున్న చోటికి పోతుంది, ఆ తర్వాత రంగున్న చోటికి. ఇక్కడ రెండూ జానకిరామయ్యగారి దగ్గరే ఉన్నాయి.

హాజరా తెర మీద ఆమ్నా ముఖం చుట్టూ కోడిగుడ్డు ఆకారంలో ఓ గీత గీసింది. దాన్ని పవర్ విండో అంటారు. గీత లోపల చేసిన మార్పు లోపలే ఉంటుంది, బయట చేసింది బయటే. లోపల వెలుగు పెంచింది. ఆమ్నా నడుస్తుంటే గుడ్డు కూడా ఆమె వెంట నడిచేలా కట్టింది.

వెనక సోఫాలో జానకిరామయ్యగారు కదిలారు. బ్యాంకులకి ప్రోగ్రామర్లని సరఫరా చేసే కంపెనీ ఆయనది. ఎంతోమందిని మంచి కుర్చీల్లో కూర్చోబెట్టిన మనిషి.

"బాగుందమ్మాయ్. మరి నా వైపు కూడా కొంచెం చూడరాదూ? చిన్నప్పుడు మా రబ్బరుతోట ఎస్టేట్ నాటకాల్లో నాకెప్పుడూ భటుడి వేషమే. ఈటె పట్టుకుని తెర పక్కన నిలబడ్డమే. మా అమ్మ కూడా గుర్తుపట్టేది కాదు." ఆయన నవ్వారు గానీ, ఆ నవ్వు మరీ తేలిగ్గా ఏం లేదు.

ఇంటికొచ్చిన వాళ్ళని వట్టి చేతులతో పంపించే అలవాటు హాజరా పుట్టింట్లో లేదు. అక్కడే పప్పులో కాలేసింది. "ఎందుకు చెయ్యను అంకుల్" అని ఆయన ముఖానికీ ఇంకో గుడ్డు గీసింది.

షాట్ వేసి చూస్తే శాంతిని రెండు చేతులూ తలకి పెట్టుకుంది.

"హాజరా, ఏంటిది? ఇద్దరు దొంగల మీద పోలీసులు టార్చ్ వేసినట్టుంది లా!" అంది సింగపూర్ యాసలో.

నిజమే. కన్ను ఆమ్నా దగ్గరికీ ఆయన దగ్గరికీ తిరిగి తిరిగి అలిసిపోతోంది. వెలుగు మరీ గుంజడంతో ఆమ్నా చెంపల మీద ఇసుక పోసినట్టు చుక్కలు లేచాయి, ట్యూబులైటు పచ్చదనం బయటపడింది. అన్నిటికంటే ఘోరం, ఆమె స్తంభం వెనక్కి వెళ్ళినా వెలుగు మాత్రం స్తంభం మీద పాకుతూ పోయింది.

"నాకు నచ్చింది. సంతకం పెడతా" అన్నారు జానకిరామయ్యగారు.

"నేను పెట్టను పెదనాన్నా. ఆమ్నా పోయింది, నువ్వే మిగిలావ్."

అదే సమయానికి విఘ్నేశ్వరన్ తలుపు సందులోంచి తొంగి చూశాడు. "ఇద్దరికీ దీపం పెట్టావేంటమ్మా? చూసేవాడికి రెండు కళ్ళున్నా, ఆ రెండూ ఒకేసారి ఒకే చోటికి పోతాయి" అన్నాడు. తలుపు మూసేసి వెళ్ళిపోయాడు.

హాజరా చెవులు వేడెక్కాయి. కోపం ఎవరి మీదో కాదు, తన మొహమాటం మీద. "మీరిద్దరూ జర పోయి మకాన్ చేసి రండి. వచ్చేలోపు నేను చూస్తా" అని ఇక్కడి మలయ్ మాటలోనే ఇద్దర్నీ భోజనానికి తరిమేసింది.

గదిలో ఒక్కతే మిగిలాక రెండు గుడ్లూ తీసిపారేసింది. ఈసారి ఆమ్నా ముఖాన్ని అసలు ముట్టుకోకుండా మొదలుపెట్టింది. పెద్ద గుడ్డు గీసి, దాని అంచుని ఎక్కడ మొదలై ఎక్కడ ముగుస్తుందో తెలియనంత మెత్తగా పరిచి, బయటున్న ప్రపంచాన్ని కొద్ది కొద్దిగా కిందికి దించింది. ముఖానికి వెలుగు తెచ్చిపెట్టే పని లేకుండా, ఉన్న వెలుగే సరిపోయింది. తెర మూలలని ఇంకో పొర నీడతో అణిచింది. నాలుగు మూలల్నీ సమానంగా అణిస్తే పాత ఫోటో చట్రంలా కొట్టొచ్చినట్టు కనబడుతుందని, కుడి కింద తెల్లటి ట్రేలున్న మూలని ఎక్కువ, మిగతావి తక్కువ దించింది. స్తంభం రాకముందే వెలుగు మెల్లగా కరిగిపోయి, ఆవలికి వచ్చాక మెల్లగా తిరిగొచ్చేలా సర్దింది. చివర్లో ముఖానికి నడిమి వెలుగు చిటికెడంత పెంచి, పచ్చదనం తీసేసింది.

ఇక పసుపు చొక్కా. దాని కోసం విడిగా ఓ విండో గీసి, వెలుగు దించింది, రంగు తగ్గించింది. పసుపు ఆవపిండి అయింది, ఆవపిండి పాత గోనెసంచి అయింది. ఆయన్ని చెరిపెయ్యలేదు. అక్కడే ఉన్నారు, చెంచా తిప్పుతూనే ఉన్నారు. కాకపోతే రమ్మని కన్నుని ఎవరూ పిలవడం లేదు.

గీతలు కనబడకుండా చేసి, గోడ వైపు తిరిగి, ఠక్కున తెర వైపు చూసింది. కన్ను సరాసరి ఆమ్నా మీద వాలింది. మళ్ళీ తిరిగి చూసింది. మళ్ళీ ఆమ్నాయే. బంగారంలాంటి పని. కానీ ఈటె పట్టుకున్న భటుణ్ణి తను మళ్ళీ తెర పక్కకే నెట్టింది. సంతకం పెట్టాల్సింది ఆయనే. ఆయన రాగానే ఉన్నమాట చెప్పెయ్యాలని గట్టిగా అనుకుంది.

ఆయన ఒక్కరే రాలేదు. శాంతినితో పాటు భార్య రత్నమ్మగారు కూడా వచ్చారు, చేతిలో బంగాళాదుంప కూర పెట్టి వేయించిన వేడి వేడి కరిపాప్ పొట్లం. వాళ్ళ వెనకే విఘ్నేశ్వరన్.

"అంకుల్, ముందు ఒక మాట చెప్పాలి. మీ చొక్కా..."

"ష్! చెప్పకు. నేనున్నానని మా ఆవిడకి తెలీదు. తనే కనిపెట్టాలి" అని చెవిలో గుసగుసలాడి ఆయన భార్యని తెర ఎదుట కూర్చోబెట్టారు. హాజరా షాట్ వేసింది.

ఆమ్నా ఫోన్ బోర్లా పెట్టింది. నవ్వింది. ట్రే పట్టుకుని లేచి, స్తంభం దాటి వెళ్ళిపోయింది.

రత్నమ్మగారు కరిపాప్ కొరకడం మానేశారు. "అయ్యో, ఎవరే ఈ పిల్ల? ఏడుపు దిగమింగుకుని నవ్వుతోంది. పక్కనే కూర్చున్నారు, ఒక్కళ్ళయినా చూశారా దాని ముఖం వంక?"

"సరే, ఇంకా?" అన్నారు జానకిరామయ్యగారు.

"ఇంకా ఏంటి?"

"ఇంకెవరూ కనబడలేదా?"

"ఎవరో తింటున్నారు. ఎవరైతే ఏంటి?"

జానకిరామయ్యగారి ముఖం ముడుచుకుంది. "ఇన్నేళ్ళు కాపురం చేసిన మొగుణ్ణి పట్టుకుని ఎవరో అంటావా?" అని ఆమె మీద కస్సుమని, హాజరా వైపు తిరిగి, "మళ్ళీ వెయ్యమ్మాయ్. ఎక్కడున్నానో వేలు పెట్టి చూపిస్తా దీనికి" అన్నారు.

అయిపోయింది అనుకుంది హాజరా. చూస్తారు, గోనెసంచి చొక్కా చూస్తారు, మళ్ళీ వెలిగించమంటారు. ఇటు శాంతిని ఒప్పుకోదు. కౌలాలంపూర్ కుర్రాడు బస్సెక్కుతాడు. ఆమె షాట్ వేసింది గానీ తెర వంక చూడలేదు, కుర్చీ తిప్పుకుని ఆయన కళ్ళ వంక చూసింది.

ఆయన వేలు గాల్లోకి లేపి సిద్ధంగా పెట్టుకున్నారు. కళ్ళు ముందు ఆమ్నా ఉన్న ఎడమవైపు ఆగాయి. అక్కడే ఆగిపోయాయి. ఆమ్నా నవ్వినప్పుడు ఆయన కనుబొమలు దగ్గరికొచ్చాయి. ఆమె లేస్తే ఆయన చూపు కూడా లేచింది. ఆమె వెంటే కుడివైపు నడిచింది, స్తంభం దగ్గర ఎదురుచూసింది, ఆమె అవతలికొస్తే మళ్ళీ అందుకుని తెర చివరిదాకా సాగనంపింది. టీ కొట్టు వైపు ఒక్కసారైనా పోలేదు. వేలు ఎప్పుడో ఒళ్ళోకి దిగింది. ఆ కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి.

"చూపించు మరి, ఎక్కడున్నావ్?" అన్నారు రత్నమ్మగారు.

ఆయన ఉలిక్కిపడ్డారు. "నేనా? నేనెప్పుడొచ్చాను? నన్ను చూసుకోవడం మర్చిపోయానే" అని తెల్లమొహం వేశారు. శాంతిని పగలబడి నవ్వి కాగితం మీద సంతకం గీకేసింది. విఘ్నేశ్వరన్ రెండో సంతకం కోసం ఆగకుండానే రెండో గది తాళంచెవి తీసి హాజరా ముందున్న బంతుల పక్కన పెట్టాడు.

"అంకుల్, మీ చొక్కా రంగు నేనే తగ్గించిన. ముందే చెబుదామనుకున్న. మాఫ్ చెయ్యండి" అంది హాజరా.

జానకిరామయ్యగారు కళ్ళు తుడుచుకుని, శాంతిని చేతిలోంచి పెన్ను లాక్కుని, సంతకం పెట్టారు. "ఏడిశావులే. నన్ను చూస్తే ఆ పిల్లనెవరు చూస్తారు?" అన్నారు. పెన్ను తిరిగిస్తూ, కాస్త గొంతు తగ్గించి, "ఇంకొక్కసారి వెయ్యమ్మాయ్, ఈసారి నన్ను చూసుకుంటా" అని అడిగారు.

హాజరా వేసింది. ఆయన ఈసారీ ఆమ్నానే చూశారు.