అన్నిటికంటే పైనున్న ఎర్రర్

మా ల్యాబులో కంప్యూటర్లన్నీ జంటలు జంటలుగా ఉంటాయి. చివరి వరుసలో గోడ పక్కన మాత్రం ఒంటరిది ఒకటుంది. కాలేజీలో చేరిన మొదటి రోజు అందరూ తెలిసినవాళ్ళ పక్కన చోటు చూసుకుని కూర్చున్నారు. నాకు తెలిసినవాళ్ళు ఎవరూ లేరు. మిగిలిన గోడ నాకు దక్కింది. వారం తిరిగేసరికి నా పేరే గోడ అయింది.

"గోడలకు చెవులుంటాయంటారు. మన గోడకి చెవులున్నాయి గానీ నోరే లేదు" అని ముందు వరుసలో ఇద్దరమ్మాయిలు నవ్వుకునేవారు. క్లాసంతా వాళ్ళను కవలలు అంటుంది. అక్కచెల్లెళ్ళు కారు, కానీ ఒకే సీసాలో నీళ్ళు తాగుతారు, ఒకరికి జలుబు చేస్తే ఇద్దరూ సెలవు పెడతారు. చెడ్డవాళ్ళు కూడా కారు. ఆ మాటకు నాకూ నవ్వొచ్చింది. వాళ్ళు వెనక్కి తిరగలేదు కాబట్టి నేను నవ్విన సంగతి వాళ్ళకు తెలియదు.

కొన్ని వారాల తర్వాత ఒక రోజు పొద్దున్నే నాన్నకు ఫోన్ చేసి, సాయంత్రం ఒక విషయం చెప్పాలన్నాను. వచ్చి నన్ను హాస్టలు నుంచి ఇంటికి తీసుకెళ్ళిపొమ్మని చెబుదామనుకున్నాను. అయితే నాకు నేనే ఒక షరతు పెట్టుకున్నాను. మధ్యాహ్నం ల్యాబులో అసైన్‌మెంటు కంపైల్ అయితే ఉండిపోతాను. కాకపోతే పెట్టె సర్దుకుంటాను.

అసైన్‌మెంటు పెద్దదేమీ కాదు. అయిదుగురి మార్కులు తీసుకుని, కూడి, సగటు చూపించాలి. మనం రాసిన దాన్ని కంపైలర్ చదివి, మెషీనుకు అర్థమయ్యేలా మారుస్తుంది. దానికి ఎక్కడైనా అర్థం కాకపోతే ఎర్రర్ రాసి ఆగిపోతుంది. కంపైల్ కాని ఫైలు తాను తెరిచి కూడా చూడనని ల్యాబ్ సార్ ముందే చెప్పారు. గంట కొట్టేలోపు పంపించాలి.

నేను రాసి కంపైల్ కొట్టాను. కింద చిన్న పెట్టెలో ఎర్ర అక్షరాలు బొలబొలమని పడ్డాయి. ఆ పెట్టెలో కొన్ని వరుసలే పడతాయి. మిగతావి పైకి వెళ్ళిపోయి, అన్నిటికంటే ఆఖరుది నా కళ్ళ ముందు ఆగింది. మూసే బ్రాకెట్టు ముందు ఏదో ఉండాలని దాని గొడవ. బడిలో తెలుగులో చదువుకున్నదాన్ని, ఆ ఇంగ్లీషు నన్ను తిడుతున్నట్టే ఉంది. బ్రాకెట్టు దగ్గరే కదా తగాదా అని బ్రాకెట్టునే తీసేశాను.

మళ్ళీ కొట్టాను. ఇప్పుడు పక్కనే మీసంలా వంపు తిరిగిన బ్రాకెట్టు మీద పడింది. దాని పైన ఇంకో ఎర్రర్ కనబడింది. ఎన్నో మార్కో గుర్తుంచుకోవడానికి నేను పెట్టిన ఐ అంటే ఎవరో తనకు తెలియదట. ఐ ని అక్కడే, ఒకే పనిని అయిదుసార్లు చేయించే ఫర్ అన్న లైనులోనే, నేను చక్కగా పరిచయం చేశాను. అయినా తెలియదంటే ఏం చేస్తాం? మొదట్లో ఇంకో లైను చేర్చి మళ్ళీ పరిచయం చేశాను. ఆ ఎర్రర్ పోయింది. మిగతావి పోలేదు. గోరుచుట్టు మీద రోకటిపోటులా, తప్పేదో, దాన్ని దిద్దబోయి నేను చేసిన తప్పేదో కూడా తెలియకుండా పోయింది.

ముందు వరుసల్లో ఒకరి స్క్రీను మీదికి ఒకరు వంగి చూసుకుంటున్నారు. సార్‌ను అడగాలంటే చెయ్యెత్తాలి. చెయ్యెత్తితే అందరూ చూస్తారు. నోరు తెరిస్తే, క్లాసులో ఇంతకాలం వాడని గొంతు కదా, ఎలా వస్తుందో తెలియదు. అందుకని ఒక ఉపాయం ఆలోచించాను. ఎర్రర్లన్నీ ఒక కాగితం మీద రాసి, సార్ ఇటు వచ్చినప్పుడు మాట్లాడకుండా చేతికిచ్చేస్తే సరిపోతుంది.

రాయాలంటే మొదటినుంచి రాయాలి. పెట్టెలో వరుసలను పైకి జరుపుకుంటూ పోయాను. అన్నిటికంటే పైన, నేను అంతవరకూ చూడనే చూడని ఎర్రర్ ఒకటుంది.

అక్షరం అక్షరం దించుకున్నాను. ముందు నా ఫైలు పేరు. తర్వాత ఒక అంకె, ఎనిమిది. ఇంకో అంకె. ఆ తర్వాత ఎర్రర్ అన్న మాట, దాని పక్కన ఒక వాక్యం. కింద నా లైనే తిరిగి రాసి, ఫర్ అన్న మాట కింద చిన్న బాణం గుర్తు పెట్టింది. తిట్టడమైతే ఇంత ఓపిగ్గా చూపించి తిట్టరు. ఎనిమిది అంటే ఎనిమిదో లైను, రెండో అంకె ఆ లైనులో ఎన్నో అక్షరమో అని బాణాన్ని బట్టి తెలిసింది. వాక్యాన్ని కూడబలుక్కుని చదివాను. ఫర్ కంటే ముందు కామా గానీ సెమికోలన్ గానీ ఉండాల్సిందట.

ఎనిమిదో లైనుకు వెళ్ళాను. అక్కడేం లోపం కనబడలేదు. కాగితం మీద నేను రాసిందే మళ్ళీ చూసుకున్నాను. ఫర్ దగ్గర అని కాదు, ఫర్ కంటే ముందు అని ఉంది. లైనులో మొదటి మాటే ఫర్. దానికి ముందు ఇంకేముంది, ఏడో లైను తప్ప. అక్కడ మార్కుల మొత్తాన్ని సున్నా చేసి, చివర సెమికోలన్ పెట్టకుండా వదిలేశాను. ఆ లైను ముగిసిందని కంపైలర్‌కు తెలియలేదు. ఫర్ ఎదురయ్యేసరికి తడబడి, ఐ ని పరిచయం చేసిన ముక్కను కూడా దాటేసి పోయింది. అందుకే ఆ తర్వాత ఐ ఎవరో తెలియలేదు, బ్రాకెట్టు ఎందుకుందో తెలియలేదు.

సెమికోలన్ పెట్టి కొట్టాను. వరుసలు బాగా తగ్గాయి. ఈసారి కింద చూడకుండా పైదానికే వెళ్ళాను. మీసాల బ్రాకెట్టు ముందు మూసే బ్రాకెట్టు ఉండాలంటోంది. అది నేను పీకేసిందే. తిరిగి పెట్టాను. ఐ కోసం అదనంగా చేర్చిన లైను కూడా తీసేశాను. మళ్ళీ కొట్టాను.

ఏమీ రాలేదు.

ఒక్క అక్షరం కూడా రాలేదు. పాడైపోయిందేమో అనుకున్నాను. కంపైలర్ ఏమీ అనకపోతే అన్నీ సరిగ్గా ఉన్నట్టేనని సార్ మొదట్లో ఎప్పుడో చెప్పింది గుర్తొచ్చింది. నడిపి చూస్తే మార్కులడిగింది, ఇచ్చాను, సగటు చెప్పింది. ఫైలు పంపించాను. శభాష్ అనడానికి పక్కన ఎవరూ లేరు. సార్ ఇటు వచ్చి, నా స్క్రీను చూసి, తల ఊపి వెళ్ళిపోయారు. కాగితం నా చేతిలోనే ఉండిపోయింది.

గంటకు కాస్త ముందు కవలల్లో ఒకమ్మాయి విసుగ్గా వెనక్కి తిరిగింది.

"గోడా, నీకూ ఈ దిక్కుమాలిన బ్రాకెట్టు గోలేనా?"

"పైకి జరుపు" అన్నాను. గొంతు బొంగురుగా వచ్చింది. "అన్నిటికంటే పైనున్నది ముందు చూడు."

జరిపారు. ఏదో దొరికింది. ఇద్దరూ భుజాలు చరుచుకున్నారు, హడావుడిగా టైపు చేశారు, పంపించారు. నావైపు మళ్ళీ తిరుగుతారేమోనని చూశాను. గంట మోగింది, సంచులు తీసుకుని వెళ్ళిపోయారు.

హాస్టలు మెట్ల మీద కూర్చుని నాన్నకు ఫోన్ చేశాను. షరతు ప్రకారం నేను ఉండిపోవాలి. ఉండిపోతే ఇక చెప్పాల్సిన విషయం లేదు.

"ఏదో చెప్పాలన్నావు కదమ్మా?"

"ఏం లేదు నాన్నా. అసైన్‌మెంటు అయిపోయింది."

"అది మంచిదేగా. మరి గొంతెందుకలా ఉంది?"

ఇంటికి వచ్చేస్తాననే మాట నాలుక చివరిదాకా వచ్చింది. అది ఆఖరున పడిన మాట. చాలా రోజులుగా నా కళ్ళ ముందున్నది అదొక్కటే. దాన్ని వదిలి, పైకి జరుపుకుంటూ మొదటిదాకా వెళ్ళాను. ఫోనులో మా ఇంటి ఫ్యాను కిర్రుకిర్రుమనడం వినబడుతోంది.

"మొదటి రోజు నా పక్కన ఎవరూ కూర్చోలేదు నాన్నా" అన్నాను.