నత్తల చాప

మూడు చాపలు, పద్దెనిమిది మంది పిల్లలు, ఒక్క కళావతి టీచర్. తండా బడిలో మూడు, నాలుగు, ఐదు తరగతులకు గది ఒకటే. ఆ గోలకు గోదావరి అవతల కొంగలు లేచిపోతాయి. నమ్మకపోతే కొంగలనే అడగండి.

పాఠం అందరికీ ఎలుగుబంటి కథే. పని మాత్రం మూడు రకాలు. ఒక చాపవాళ్ళు బొమ్మలకు పదాలు జతచేయాలి. రెండో చాపవాళ్ళు ఇచ్చిన మాటలతో వాక్యాలు పూర్తిచేయాలి. మూడో చాపవాళ్ళు, ఇప్పపూలు అయిపోయినా ఎలుగుబంటి చెట్టుకింది నుంచి ఎందుకు కదల్లేదో రాయాలి. జూన్‌లో ఒక్కసారి చదివించి చూసి టీచర్ చేసిన విభజన అది. పిల్లలు చాపలకు నత్తలు, కోతులు, పులులు అని పేర్లు పెట్టారు. జనవరి వచ్చినా ఒక్క నత్తా చాప దాటలేదు.

ఆ పొద్దున హేమ్లి తల్లి సక్రి గుమ్మంలో నిలబడింది.

"మేడం, మా హేమ్లిని నత్తల్ల కూసోబెట్టిన్రట. రాత్రి అన్నం తినలే. సదువు రాకపోతే చెప్పున్రి, మిరప ఏరనీకి తోల్కపోత."

"రాదని ఎవరన్నరక్కా? హేమ్లీ, చదువు!"

హేమ్లి నాలుగు అక్షరాలు కూడబలుక్కుని ఆగింది. సక్రి చూపు టీచర్‌కు ముల్లులా దిగింది. విసుగుతో టీచరే కథంతా చదివి వినిపించి, పులుల ప్రశ్న అడిగింది.

"పైన దాని పిల్ల ఉంది," అంది హేమ్లి. "మాటిమాటికీ పైకి చూసిందని చదివిన్రు గదా!"

కళావతి పులుల నోటుపుస్తకాలు తిప్పింది. ఆరింటిలోనూ ఒకటే జవాబు: పూలు తియ్యగా ఉన్నాయి. రాసింది కోటేష్, చూసి దింపింది మిగతా ఐదుగురు.

ఆమెకు తలబాదుకోవాలనిపించింది. అక్షరం తడబడితే అర్థమూ అందదని ఏడు నెలలు తనే అనుకుంది!

"లేవండందరూ! ఈ పూట కథ గురించి మాట్లాడుకుందాం. హేమ్లి, కోటేష్ జత. వాడు చదువుతడు, ఆమె ఎందుకో చెప్తది. మధ్యాహ్నం అక్షరాల పని, గప్పుడు జతలు మారుతయి. వారం వారం చదివించి చూసి మళ్ళీ మారుస్త."

"నేను పులిని టీచర్!" కోటేష్ ఏడుపందుకున్నాడు.

"ఏంది పులి? పూలు తిన్న పులివా?"

గదంతా నవ్వింది. వాడి ఏడుపు ఆగలేదు. రెండు చాపలు తగవులాడుకున్నాయి. ఇంత రభసలో పద్దెనిమిది మందికి ఎవరి పని వారికి కొత్తగా ఎప్పుడు రాసివ్వాలో కళావతికి అంతుపట్టలేదు.

"సోమవారం దాక చూస్త," అంటూ సక్రి చెప్పులేసుకుంది. "గట్లనే ఉంటే మిరపతోటకే."

మధ్యాహ్నం దాకా ఆగకుండా కళావతి కథలోని పొడుగు పదాలను పెన్సిల్ గీతలతో విడగొట్టి, కింది వరుసను అట్టముక్కతో మూసి, పుస్తకం హేమ్లి ముందుంచింది. "మా... టి... మా... టి..." పిల్ల ఆగింది. తర్వాతి అక్షరం అందించబోయి కళావతి నోరు తెరిచింది.

"ఆగున్రి మేడం," గడప అవతలి నుంచి సక్రి కసిరింది. "దాన్నే సదవనియ్యిన్రి."